తేనెటీగలంటే ఎలర్జీ

హాస్టల్ మెట్ల పక్కన చెరుకు రసం బండి ఉండేది. బండి వెనక పిప్పి కుప్ప. మున్సిపాలిటీ ట్రాక్టర్ వచ్చిన రోజు కుప్ప పోయేది, రాని రోజు పెరిగేది. పైపొర ఎండకు ఎండేది, లోపలి పొర పులిసేది. అడుగు నుంచి కారిన నీరు మెట్ల మొదటి బండ దాకా వచ్చి ఆగేది. ఆ నీటి మీద ఈగలు, పిప్పి మీద తేనెటీగలు. హాస్టల్ అమ్మాయిలు చున్నీతో ముక్కు మూసుకుని, చెప్పులకు జిగురు అంటకుండా మునివేళ్ళ మీద దాటేవాళ్ళు.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు అది. సందు పొడవునా బోర్డులే. జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్. ఒక బోర్డు మీద ఇంకొకటి మేకులు కొట్టి తగిలించారు. బోర్డుల కింద గోడ, ఆ గోడకు కిళ్ళీ ఉమ్ములు. కోర్సు అయిపోయిన వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు, కొత్త వాళ్ళు అదే మంచం మీద అదే పరుపు మీద పడుకునేవాళ్ళు. పరుపుకు పాత వాళ్ళ తలనూనె వాసన ఉండేది.

నాగేశ్వరి భీమవరం నుంచి వచ్చింది, శ్రీలేఖ సిద్దిపేట నుంచి. ఇద్దరూ ఇంజినీరింగ్ పూర్తి చేసి, ఒకే ఇన్‌స్టిట్యూట్‌లో టెస్టింగ్ టూల్స్ నేర్చుకుంటున్నారు. హాస్టల్‌లో ఇద్దరిదీ రెండో అంతస్తులో ఒకే గది.

చేరిన రోజునే నాగేశ్వరి హాస్టల్ ఓనర్ హైమవతికి చెప్పింది. హైమవతిది తెనాలి. భర్త ఉద్యోగం మీద హైదరాబాద్ వచ్చి, ఇల్లు కట్టి, పై అంతస్తులు హాస్టల్‌కి ఇచ్చింది.

"ఆంటీ, నాకు తేనెటీగలంటే ఎలర్జీ. ఆ కుప్ప తీయించరా?"

"నాకు బల్లులంటే ఎలర్జీ అమ్మా," అంది హైమవతి. "మా ఆయన గురకంటే ఎలర్జీ. ఏం చేస్తాం, బతకట్లా?"

పక్కనున్న అమ్మాయిలు నవ్వారు. శ్రీలేఖ కూడా నవ్వింది. "నాకైతే మన సార్ ఇంగ్లీషంటే ఎలర్జీ," అంది. నాగేశ్వరి ఇంకేదో చెప్పబోయి ఊరుకుంది. తర్వాత రోజూ కుప్పకు దూరంగా, రోడ్డు మధ్యకు దిగి, ఆటోల మధ్య నుంచి నడిచి మెట్లెక్కేది. బురదంటే భరించలేని పిల్ల అనుకున్నారు అందరూ. గోదావరి జిల్లా పిల్ల, గారాబంగా పెరిగిందనుకున్నారు.

ఆ శనివారానికి ట్రాక్టర్ వారం నుంచీ రాలేదు. కుప్ప బండికి రెండు వైపులా పరుచుకుంది. రోడ్డు మధ్య డ్రైనేజీ పొంగింది. పది గంటల క్లాసు అయ్యాక ఇద్దరూ వచ్చేసరికి, దాటడానికి పిప్పి అంచు తప్ప వేరే దారి లేదు.

"నువ్ ముందు నడువు," అంది నాగేశ్వరి.

శ్రీలేఖ నడిచింది. వెనక నుంచి చిన్న అరుపు వినిపించింది. తిరిగి చూస్తే నాగేశ్వరి ఎడమ చెయ్యి విదిలిస్తోంది. మోచేతికి కొంచెం కింద, లోపలి వైపు కుట్టింది. కుట్టిన తేనెటీగ చున్నీ మీద పడి తిరుగుతోంది. దాని వెనక సగం ఊడిపోయింది. లోపలి పేగు దారంలా వేలాడుతోంది. చున్నీ దులపమని చెప్పింది కానీ తను ముట్టుకోలేదు.

"ఆగు బేటా, జర ఆగు," అంటూ బండి అఫ్జల్ భాయ్ వచ్చాడు. మిషన్ ఆపి వచ్చాడు. చేతులు రసంతో తడిగా ఉన్నాయి. నడుముకున్న తాళంచెవుల గుత్తి తీసి కుట్టిన చోట రుద్దాడు. "ఇనుము రాస్తే విషం గుంజుకుంటది." తర్వాత పక్కనున్న పాన్ డబ్బా దగ్గరికి వెళ్ళి వేలి మీద సున్నం తెచ్చాడు. నాగేశ్వరి వద్దంటూనే ఉంది. సున్నం పూశాడు. బిళ్ళంత మందాన పూశాడు.

"అయిపోయింది. అమ్మీజాన్ గిట్లనే చేసేది. ఫికర్ వద్దు."

"ముల్లు తీయలేదు," అంది నాగేశ్వరి. "ముల్లు లోపలే ఉంది. శ్రీలేఖా, గీకెయ్. ఏదైనా పెట్టి గీకెయ్, తొందరగా."

శ్రీలేఖ చున్నీ కొసతో సున్నం తుడిచింది. కింద ముల్లు కనిపించింది. నల్లగా, గుండుసూది మొనంత. దాని తలమీద నూకగింజంత తెల్లటి సంచి. మొదట్లో అది కదులుతుంది, తనకు తానే విషాన్ని లోపలికి తోస్తుంది. ఇప్పుడు కదలడం లేదు. మెడలోని ఇన్‌స్టిట్యూట్ ఐడీ కార్డు తీసి, అంచుతో చర్మం మీద పక్కగా గీకింది. ముల్లు, సంచి కార్డుకు అంటుకుని వచ్చాయి. కార్డు మీద తన ఫొటో పక్కన సున్నం, ఆ సంచి. తుడవడానికి దేన్ని వాడాలో తెలియక గోడకు రాసింది.

"తీసేసినం కదా," అంది. "ఇగ ఏం కాదు."

"నీళ్ళతో కడగాలి," అంది నాగేశ్వరి. మెట్లెక్కడం మొదలు పెట్టింది. మొదటి అంతస్తు దాటాక గోడ పట్టుకుంది.

గదిలో కుట్టిన చోట వాపు మొదలైంది. రూపాయి బిళ్ళంత ఎర్రబడి, మధ్యలో తెల్లటి చుక్క. అది చూసి శ్రీలేఖ స్థిమితపడింది. తేనెటీగ కుడితే వాస్తుంది. చిన్నప్పుడు తనకూ వాచింది. అయితే నాగేశ్వరి ఆ చోటును చూడడం లేదు. అరచేతులు రెండూ గోడకు రుద్దుతోంది. తర్వాత అరికాళ్ళు నేలకు రుద్దింది.

"దురద," అంది. "ఒళ్ళంతా."

కుర్తా ఎత్తి చూస్తే పొట్ట మీద దద్దుర్లు. ముందు విడివిడిగా ఉన్నాయి, చూస్తుండగానే ఒకదానితో ఒకటి కలిశాయి. కుట్టింది చేతికి, లేచింది పొట్ట మీద. ఆ రెండింటి మధ్యలో భుజం మామూలుగా ఉంది. శ్రీలేఖకు అది వింతగా తోచింది, కానీ ఎందుకు వింతగా తోచిందో ఆలోచించే వ్యవధి దొరకలేదు. నాగేశ్వరి కడుపు పట్టుకుని లేచి వరండాలోకి పరిగెత్తింది. వాష్‌బేసిన్ దాకా చేరలేదు.

పొద్దున్న తిన్న ఉప్మా, పైన పచ్చగా నీరు. వాష్‌బేసిన్‌లో అప్పటికే ఎవరివో తలవెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి, నీరు దిగకుండా నిలిచి ఉంది. ఈ రెండు వాసనలు కలిశాయి. గదుల్లోంచి బయటికి వచ్చిన అమ్మాయిలు మళ్ళీ గదుల్లోకి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. వాంతి వచ్చేలా నోట్లో నీళ్ళూరి శ్రీలేఖ కూడా ఒకడుగు వెనక్కి వేసింది.

హైమవతి కిందనుంచి పైకి వచ్చింది. ముక్కుకు పమిట అడ్డం పెట్టుకుని, మెట్ల చివర ఆగిపోయింది.

"ఏంటి ఇది? రాత్రి బయట ఏం తిన్నావ్? పానీపూరీ తిన్నావా?"

"తేనెటీగ కుట్టింది ఆంటీ," అంది శ్రీలేఖ.

"తేనెటీగ కుడితే కక్కుతారా? పొద్దున్న ఉప్మా అందరూ తిన్నారు. ఒక్కళ్ళకైనా ఏమన్నా అయిందా? చెప్పండి, అయిందా?" మూసిన తలుపుల వైపు తిరిగి అడిగింది. "నా హాస్టల్ తిండి మీద మాట రాకూడదు. మంగవ్వా, ఫినాయిల్ పట్రా. తొందరగా."

వంటచేసే మంగవ్వ బకెట్ తెచ్చింది. ఫినాయిల్ నీళ్ళు పోసింది. తెల్లటి నీరు ఉప్మా ముద్దల చుట్టూ పారి, వరండా వాలుకు నాగేశ్వరి కాళ్ళ దగ్గరికి వచ్చింది. కాళ్ళు తీయమంది మంగవ్వ. నాగేశ్వరి తీయలేదు. గోడకు ఆనుకుని నేల మీదకి జారి, ఆ నీళ్ళలోనే కూర్చుంది. అందరూ నేలను చూస్తున్నారు. ఎక్కడ మిగిలిందో, ఎక్కడ పోయాలో వేలెత్తి చూపిస్తోంది హైమవతి.

"చెప్పాను కదా," అంది నాగేశ్వరి. గొంతు బొంగురుపోయింది. నోట్లో ఏదో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది. "ఎలర్జీ అని."

"ఎవరికి ఇష్టం అమ్మా?" అంది హైమవతి. "అందరికీ ఎలర్జీనే. దానికి నీళ్ళలో కూర్చుంటారా, లే."

శ్రీలేఖ ఆ మాట విని, నాగేశ్వరి మొహం చూసింది. కింది పెదవి ఒక పక్కకు ఉబ్బింది. కనురెప్పలు కూడా.

"ఏ ఎలర్జీ?" అని అడిగింది. "నాగేశ్వరీ, నువ్వు ఎలర్జీ అన్నది ఏ ఎలర్జీ?"

"ఇంటర్‌లో కుట్టింది. ఇలాగే దద్దుర్లు. ఆస్పత్రిలో పెట్టారు." ఒక్కో మాటకూ ఆగుతోంది. "ఇంకోసారి కుడితే ఎక్కువ అవుతుందన్నారు."

ఇష్టం లేకపోవడం కాదు. రోజూ ఆటోల మధ్య నుంచి నడిచింది బురదకు జడిసి కాదు. శ్రీలేఖ హైమవతి వైపు చూసింది. హైమవతి పమిట ముక్కు మీద నుంచి తీసింది.

"మరి అలా చెప్పాలి కదా," అంది. రోడ్డు వైపు చెయ్యి చూపించి, "అక్కడ రాఘవయ్య గారి క్లినిక్ ఉంది, తీసుకెళ్ళు. సూది ఇస్తాడు. నేను ఫోన్ చేస్తా," అంది.

రాఘవయ్య క్లినిక్ రెండు ఇళ్ళ అవతల. మెట్ల కింద గది, ముందు పరదా. పరదా అంచు పట్టుకుని తీసి వేసే చోట నల్లబడింది. డాక్టరో కాదో ఎవరూ అడగలేదు, అతను సూది వేసేవాడు, జ్వరాలు తగ్గేవి. శ్రీలేఖ భుజం కింద చెయ్యి వేసి నాగేశ్వరిని తెచ్చింది. దోవలో మళ్ళీ కక్కుకుంది. కుర్తా ముందు భాగమంతా తడిసింది. అది శ్రీలేఖ చేతికి అంటుకుంది. ఈసారి చెయ్యి తీయలేదు, తీస్తే పడిపోతుంది.

రాఘవయ్య దద్దుర్లు చూశాడు. "ఓ, ఇదా," అన్నాడు. "దీనికి నా దగ్గర ఫస్ట్ క్లాస్ సూది ఉంది." బల్లమీద ఉన్న స్టీలు గిన్నెలో దూది, పక్కన టీ గ్లాసు, గ్లాసు అంచు మీద ఈగ. నడుము దగ్గర సూది వేశాడు. "దురద తగ్గిపోతది. మత్తు వస్తది, పండుకోబెట్టు. రేపు పొద్దుగాల లేచి తిరగొచ్చు."

"మాట వస్తలేదు సార్," అంది శ్రీలేఖ.

"భయానికి వస్తలేదు. ఆడపిల్లలు గట్లనే ఉంటరు."

బల్ల మీద పడుకోబెట్టాక కాసేపటికి దద్దుర్లు కొంచెం తేలికబడ్డాయి. నాగేశ్వరి గీరుకోవడం మానేసింది. రాఘవయ్య వేలితో చూపించాడు, చూడు తగ్గుతున్నయ్ కదా అన్నాడు. తగ్గుతున్నాయి. కానీ పెదవి రంగు మారింది. గాలి లోపలికి పోయేటప్పుడు గొంతులో ఈల వస్తోంది. లేపి కూర్చోబెడితే కళ్ళు పైకి తిరిగి, తల పక్కకు వాలింది. పడుకోబెడితే మళ్ళీ కళ్ళు తెరిచింది.

"నేను పంజాగుట్ట తీస్కపోత," అంది శ్రీలేఖ.

"ఇంత దానికి పెద్దాస్పత్రా? తల్లిదండ్రులకు చెప్పినవా?"

"తర్వాత చెప్త సార్. మీరు జర ఆటో పిలుస్తరా?"

అతను పిలవలేదు. శ్రీలేఖ పరదా తీసి రోడ్డు మీద నిలబడి పిలిచింది. ఆగిన ఆటో డ్రైవర్ పేరు సర్దార్. పరదా లోపలికి చూసి, నాగేశ్వరి కుర్తా చూసి, హ్యాండిల్ మీద చెయ్యి పెట్టాడు.

"కక్కుతదా? ఆటోల కక్కితే నేను కడగాలె చెల్లె. రెండ్రోజులు వాసన పోదు, సవారీలు ఎక్కరు."

"కక్కుడు అయిపోయింది అన్నా. కడుపుల ఏం లేదు. తేనెటీగ కుట్టింది, ఊపిరి అందుతలేదు."

"తేనెటీగకా?"

"అన్నా, పోనియ్. మళ్ళ మాట్లాడుదాం."

సర్దార్ సీటు కింద నుంచి పాత సంచి తీసి వెనక సీటు మీద పరిచాడు. "దీని మీద పండవెట్టు." నాగేశ్వరిని బల్ల మీద నుంచి తెచ్చి సీటుకు అడ్డంగా పడుకోబెట్టి, కాళ్ళు పక్క రాడ్డుకు ఎత్తి పెట్టింది శ్రీలేఖ. అలా పెట్టాలని ఎవరూ చెప్పలేదు. కూర్చోబెడితే స్పృహ పోతోంది, పడుకోబెడితే కాళ్ళకు చోటు లేదు, అంతే. తను సీటు ముందు నేల మీద ముడుచుకుని కూర్చుంది. ఆటో నేల మీద గుట్కా కాగితాలు, ఎండిన ఉమ్ము. మోకాలి కింద ఏదో మెత్తగా తగిలింది. చూడలేదు.

పంజాగుట్ట దగ్గర ఫ్లైఓవర్ కోసం రోడ్డు సగం తవ్వి ఉంది. మిగిలిన సగంలో బస్సులు. ఆటో ఆగింది. పక్క బస్సులోంచి ఒకాయన కిందికి చూసి, నాగేశ్వరి కుర్తా చూసి, మొహం తిప్పుకుని కిటికీ అద్దం మూశాడు.

"సర్దార్ అన్నా."

"చూస్తున్న చెల్లె. రాంగ్ రూట్ల పోత. పోలీసోడు పట్టుకుంటే నువ్వే చెప్పాలె."

తవ్విన మట్టి మీదుగా ఆటో ఒరిగి అవతలి వైపుకు దిగింది. ఎదురుగా వచ్చే కారువాడు అద్దం దించి తిట్టాడు. సర్దార్ ఒక చేత్తో హారన్ నొక్కి, ఇంకో చేత్తో సలాం కొట్టాడు. నాగేశ్వరి శ్వాసలో ఈల అంతకంతకూ సన్నబడింది. సన్నబడడం మంచిదో చెడ్డదో శ్రీలేఖకు తెలియలేదు. పేరు పెట్టి పిలిచింది. కనుగుడ్లు ఇటు కదిలాయి, అంతే.

ఆస్పత్రి క్యాజువాలిటీ ముందు గ్లాసు తలుపు, లోపల కౌంటర్. సర్దార్, శ్రీలేఖ ఇద్దరూ మోసి తెచ్చి కౌంటర్ ముందు బెంచీ మీద పడుకోబెట్టారు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు లేచి పక్కకు జరిగారు. కౌంటర్ వెనక ఉన్నాయన టిఫిన్ బాక్సు మూత పెట్టాడు.

"ఏం ప్రాబ్లం?"

"తేనెటీగ కుట్టింది సార్. ఎలర్జీ వచ్చింది."

అతను రిజిస్టర్ తీయలేదు. "ఎలర్జీ అయితే స్కిన్ ఓపీ. సాయంత్రం డాక్టర్ వస్తడు. ముందు ఆ బట్టలు కడుక్కొని రాండి, అక్కడ బాత్రూం ఉన్నది. గిట్ల ఉంటే పేషెంట్లు కూర్చోరు."

శ్రీలేఖ అక్కడే నిలబడింది. పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు వాడిందో, విన్నదో. హాస్టల్‌లో దానికి ఇష్టం లేకపోవడం అని అర్థం. ఇక్కడ దురద అని అర్థం. నాగేశ్వరికి ఏమవుతోందో చెప్పే అర్థం ఎక్కడా లేదు. కౌంటర్ మీద రెండు చేతులూ పెట్టింది. చేతికి అంటినది కౌంటర్‌కు అంటింది. అతను వెనక్కి జరిగాడు.

"సార్, ఎలర్జీ కాదు," అంది. గట్టిగా అంది, లోపలున్న పరదా దాకా వినిపించేలా. "ఎలర్జీ కానే కాదు. ఊపిరి ఆడ్తలేదు. గొంతు మూసుకపోతున్నది, మాట వస్తలేదు. లేపి కూసోబెడ్తే స్పృహ తప్పుతున్నది. నాలుక ఉబ్బింది. చూడండి, పెదవులు నీలం పడ్డయ్."

పరదా వెనక నుంచి ఒక డాక్టర్ బయటికి వచ్చింది. కోటు మీద డాక్టర్ జకియా అని పేరు ఉంది. ఆమె కౌంటర్‌ను, కుర్తాను చూడలేదు. బెంచీ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు పట్టుకుంది, నోరు తెరిచి చూసింది, ఛాతీకి స్టెతస్కోపు ఆనించింది.

"స్ట్రెచర్. ఆక్సిజన్. అడ్రినలిన్ తీయండి సిస్టర్, సగం ఎంఎల్." తర్వాత శ్రీలేఖను అడిగింది. "ఏం కుట్టింది? ఇంతకు ముందు అయిందా?"

"తేనెటీగ. ఇంటర్‌ల ఒకసారి అయిందట."

"ఇప్పటి దాకా ఏమన్నా ఇచ్చిండ్రా?"

"రాఘవయ్య దగ్గర దురద సూది."

డాక్టర్ జకియా సిరంజి అందుకుంది. తొడకు బయటి వైపు, పైజామా మీద నుంచే సూది దింపింది. సిస్టర్ మంచం కాళ్ళ వైపు ఎత్తింది. మాస్కు పెట్టారు. ఇంకో చేతికి సెలైన్ ఎక్కించడం మొదలు పెట్టారు. బీపీ పట్టీ బిగించి, పైది డెబ్బైకి పడిపోయిందంది సిస్టర్. కాసేపటికి జకియా మళ్ళీ స్టెతస్కోపు ఆనించి, తల అడ్డంగా ఊపి, ఇంకో సూది అడిగింది. అదే మందు, రెండో తొడకు.

శ్రీలేఖ గోడ దగ్గర నిలబడింది. చేతుల నుంచి వాసన వస్తోంది. సున్నం, ఫినాయిల్, కక్కు. గాజు తలుపు అవతల సర్దార్ ఆటో సీటు మీద బకెట్టుతో నీళ్ళు పోస్తున్నాడు. సెక్యూరిటీవాడు అతన్ని అదిలిస్తున్నాడు.

రెండో సూది తర్వాత ఈల ఆగింది. నాగేశ్వరి దగ్గింది. మాస్కులోంచి ఏదో అంది. జకియా మాస్కు కొంచెం ఎత్తింది.

"చేతులు వణుకుతున్నాయి," అంది నాగేశ్వరి. మాట తెలిసింది.

"మందుకు వణుకుతయ్. వణకనీ." జకియా శ్రీలేఖ వైపు తిరిగింది. "బయట నువ్వు ఎలర్జీ కాదన్నవ్ కదా."

"అన్న మేడం."

"ఇది ఎలర్జీనే. ఇంతకన్నా పెద్ద ఎలర్జీ లేదు. దురద సూది దురదను తగ్గిస్తది. గొంతు తెరవదు, బీపీ లేపదు. మళ్ళ ఎవరన్న ఇస్తే తీస్కోవద్దని చెప్పను, కాని దానికోసం ఆగొద్దు." కౌంటర్ వైపు ఒకసారి చూసింది. "నువ్వు అట్ల కాదని ఊపిరి సంగతి చెప్పినందుకే నేను విన్న. ఇంకోసారి కుట్టిందాన్ని కుట్టిందని చెప్పు, ఊపిరి ఆడకపోతే ఊపిరి ఆడ్తలేదని చెప్పు. పేర్లు మేం పెడ్తం."

"ముల్లు నేను తొందరగా తీయలేదు మేడం. సున్నం కింద ఉండె."

"మొదటి నిమిషమే అసలైంది. గోరుతో తీసినా, కార్డుతో తీసినా, ఆ నిమిషంల తీస్తే విషం తక్కువ పోతది. తర్వాత ఎట్ల తీసినా ఒకటే. కాని ఈమెకు ఒక ముల్లులో సగం విషం చాలు. ముల్లు తీసినమని ఊకున్నరు చూడు, అది తప్పు."

రాత్రికి ఆస్పత్రిలోనే ఉంచాలన్నారు. తగ్గినట్టు తగ్గి మళ్ళీ లేవొచ్చు. నాగేశ్వరి వాళ్ళ నాన్నకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, ఇప్పుడు బాగుంది అన్న మాట ముందు చెప్పి, మిగతాది తర్వాత చెప్పింది శ్రీలేఖ. సాయంత్రం మళ్ళీ దద్దుర్లు లేచాయి. మెడ దగ్గర, నాలుగైదు. జకియా వచ్చి గొంతు చూసి, బీపీ చూసి, ఈసారి సూది అవసరం లేదంది. దద్దుర్లు వాటంతటవే పోయాయి. ఎడమ చెయ్యి మాత్రం మోచేయి దాకా వాచి, మణికట్టు మడతలు కనిపించలేదు. అది రెండు మూడు రోజులు ఉంటుంది, దానికి భయం లేదంది. భయపడాల్సింది కుట్టిన చోట లేచేదానికి కాదు, కుట్టని చోట లేచేదానికి అంది.

మర్నాడు పొద్దున్న హైమవతి వచ్చింది. చేతిలో బత్తాయిల సంచి. మంచం దగ్గరికి రాకుండా కాళ్ళ వైపు నిలబడింది.

"ఎలా ఉన్నావమ్మా? ఆ కుప్ప ఎత్తించాను. అఫ్జల్‌ని బండి అటు జరపమన్నాను. జరిపాడు. పిల్లలు అడుగుతున్నారు. ఉప్మా వల్ల కాదని నువ్వొకసారి చెబితే..."

"చెబుతాను ఆంటీ," అంది నాగేశ్వరి.

"ఇద్దరు ఖాళీ చేస్తామంటున్నారు. అందుకని."

జకియా రౌండ్లకు వచ్చింది. చేతిలో అడ్రినలిన్ మందున్న చిన్న గాజు ఆంప్యూల్, సిరంజి ఉన్నాయి. ఇవి ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలంది. ఎండ తగలకూడదు, సీసా మీది తేదీ దాటకూడదు. కుట్టిన తర్వాత ఒంట్లో ఎక్కడన్నా దద్దుర్లో ఆయాసమో మొదలైతే పొడుచుకుని, ఆ తర్వాత ఆస్పత్రికి రావాలి. ఆస్పత్రికి వచ్చి పొడిపించుకుందామని ఆగకూడదు.

"చేతులు వణికితే ఎలా పొడుచుకుంటాను మేడం?" అంది నాగేశ్వరి.

"అందుకే పక్కనోళ్ళు నేర్చుకోవాలె." జకియా హైమవతి సంచిలోంచి ఒక బత్తాయి తీసింది. సిరంజిలో సెలైన్ నీళ్ళు లాగి, శ్రీలేఖకు ఇచ్చింది. "ఇది తొడ అనుకో. నిటారుగా. సగం దాకా కాదు, మొత్తం లోపలికి."

శ్రీలేఖ పొడిచింది. తొక్క చిట్లింది. వేళ్ళ మీదకు రసం కారింది. సూది లోపలికి పోవడం చేతికి తెలిసింది, అది తెలిసినప్పుడు దవడలు బిగుసుకుని నోట్లో నీళ్ళూరాయి. ముందురోజు వరండాలో ఊరినట్టే. మింగి, నొక్కింది.

"మంచిగ చేసినవ్. మీరు?" జకియా హైమవతి వైపు తిరిగింది.

"నేనా? అబ్బే. నాకు సూదులు పడవు. చూస్తేనే కళ్ళు తిరుగుతాయి."

"ఈమె క్లాసుకు పోతది," అంటూ శ్రీలేఖను చూపించింది. "మధ్యాహ్నం హాస్టల్‌ల ఎవరు ఉంటరు?"

మధ్యాహ్నం హాస్టల్‌లో ఉండేది హైమవతి, మంగవ్వ.

"పండు పాడైపోయింది," అంది హైమవతి, శ్రీలేఖ చేతిలోని బత్తాయి చూసి. "ఇంకెవరు తింటారు అది."

"ఎవరూ తినరు. ఇటియ్యండి సంచి." జకియా ఇంకో బత్తాయి తీసి, సిరంజిలో నీళ్ళు నింపి, రెండూ ఆమె ముందు పెట్టింది.

హైమవతి నాగేశ్వరి మొహం చూసింది. వాపు తగ్గింది కానీ కళ్ళ కింద చర్మం ఇంకా మెరుస్తోంది. మంచం కాళ్ళ వైపు నుంచి తల వైపుకు వచ్చింది. కొంగు నడుముకు దోపింది. సిరంజిని పట్టుకుంది, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అట్ల కాదు. పిడికిట్ల పట్టుకోవాలె."

హైమవతి పిడికిట్లో పట్టుకుని, మొహం పక్కకు తిప్పి, పొడిచింది. సూది జారి బత్తాయి పక్క నుంచి దుప్పటి మీద దిగింది.

"చూస్తూ పొడవండి," అంది జకియా. "మళ్ళ."